పిల్లర్ అడుగున గుల్ల, నెత్తిన సిమెంటు పాలు

కావలి నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంబడి ఎక్కడైనా ఇల్లు కడుతుంటే, సెంట్రింగ్ విప్పిన రోజు వెళ్లి పిల్లర్లు చూడండి. కొన్నిటి అడుగున సిమెంటు పట్టని కంకర, దాని మధ్య గుల్లలు కనబడతాయి. మేస్త్రీ వెంటనే సిమెంటు పామేస్తాడు. అదే పిల్లర్ నెత్తి మీద మేకుతో గీస్తే పొడి రాలుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అడుగున వైబ్రేషన్ చాలలేదు, పైన ఎక్కువైంది. ఈ రెండూ ఒకే పోతలో జరిగిన తప్పులే.

పది అడుగుల ఎత్తు, 9 అంగుళాలకు 12 అంగుళాల పిల్లర్ తీసుకుందాం. మాలు మొత్తం ఒకేసారి నింపేసి, ఆ తర్వాత పైనుంచి వైబ్రేటర్ నీడిల్ దించుతారు. 40 ఎంఎం నీడిల్ ప్రభావం చుట్టూ అర అడుగుకు మించి పెద్దగా ఉండదు. కడ్డీలూ రింగులూ అడ్డుపడి అది అడుగుదాకా దిగదు, అక్కడి గాలి పది అడుగుల మాలును దాటి పైకి రాలేదు. కాంక్రీటులో 5 శాతం గాలి మిగిలిపోతే బలం దాదాపు 30 శాతం తగ్గుతుంది.

పైభాగం కథ వేరు. మాలు సులువుగా జారాలని నీళ్లు కలుపుతారు, నీడిల్‌ను పైనే నిమిషాల తరబడి ఉంచుతారు. బరువైన కంకర కిందికి దిగుతుంది, ఇసుకా సిమెంటూ పైకి తేలి సిమెంటు పాలై, ఆరాక మేకుతో గీస్తే రాలే పొడి పొర అవుతాయి. నీళ్లు కూడా పైకి ఊరి, దారిలో రింగుల కింద కొంత నిలిచిపోతాయి. అవి ఆరాక అక్కడ ఖాళీ మిగిలి, ఇనుముకు కాంక్రీటు పట్టు తగ్గుతుంది. సరైన పాళ్లలో కలిపిన గట్టి మాలు పది సెకన్లు ఎక్కువైనా తట్టుకుంటుంది. అందుకే నా దృష్టిలో అసలు దోషి ఆ అదనపు నీళ్ల బకెట్టే.

చేయాల్సింది అడుగున్నర చొప్పున ఏడు విడతల్లో పోయడం. ప్రతి విడతకూ నీడిల్‌ను నిలువుగా, త్వరగా దించాలి, కింది పొరలోకీ అర అడుగు వెళ్లాలి. 5 నుంచి 15 సెకన్లు చాలు. పెద్ద బుడగలు ఆగి, పైన తడి మెరుపు వచ్చి, మోత ఒకే తీరున స్థిరపడితే అయిపోయినట్టే. ఇక సెకనుకు మూడు అంగుళాల చొప్పున మెల్లగా తీయాలి. గుంజేస్తే బొక్క పూడదు.

సముద్రపు గాలి తగిలేచోట భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు వాడమంటోంది. అడుగున గుల్ల ఉంటే ఆ ఎం30 కూడా కాపాడలేదు. ఉప్పు అక్కడినుంచే లోపలికి చేరి కడ్డీని తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. కాబట్టి పామే ముందే ఇంజనీరును పిలిపించండి. సుత్తితో తడితే డొల్లగా మోగిన భాగాన్ని గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కించి, ఆ తర్వాతే పూడ్పించాలి. కడ్డీ బయటపడితే ఎలా బాగుచేయాలో ఆయనే తేల్చాలి. నెత్తి మీది పొడి పొరను కూడా ఇనుప బ్రష్షుతో గట్టి కంకర కనబడేదాకా గీకించాకే దాని మీద పై పోత పోయించండి.