రైట్స్ ఇష్యూ గిఫ్టూ కాదు, వదిలేస్తే నష్టం లేనిదీ కాదు

"రైట్స్ ఇష్యూ అంటే కంపెనీ మనకిచ్చే డిస్కౌంట్ గిఫ్ట్. అప్లై చేస్తే లాభం, చేయకపోతే నష్టమేమీ లేదు. డీమ్యాట్‌లో కనిపించే ఆర్‌ఈలు చవగ్గా దొరికితే కొని పెట్టుకోండి. వారంట్లతో మనకు సంబంధం లేదు."

ఇలాంటి సలహా మీరూ వినుంటారు. రైట్స్ ఇష్యూ అంటే కంపెనీ తన పాత వాటాదారులకే, వాళ్ల షేర్ల లెక్కన, కొత్త షేర్లు కొనే అవకాశం ఇవ్వడం. ఆ కొనే హక్కే ఆర్‌ఈ, అంటే రైట్స్ ఎంటైటిల్‌మెంట్. అయితే గిఫ్ట్ అనేది లెక్కలో నిలబడదు. మీ దగ్గర 400 షేర్లున్నాయి, ధర 100. ప్రతి 4 షేర్లకు ఒక కొత్త షేరు 60కి ఇస్తున్నారు. 40,000 విలువకు మీరు 6,000 కలిపితే 46,000. దాన్ని 500 షేర్లకు పంచితే ఒక్కోటి 92. ఆ డిస్కౌంటు మీ పాత షేర్ల ధరలోంచే వచ్చింది.

అప్లై చేయకపోతే? 400 షేర్ల విలువ 36,800కి దిగుతుంది. పోయిన 3,200 మీ 100 ఆర్‌ఈల్లో ఉంది: 92లోంచి 60 తీస్తే ఒక్కో హక్కు విలువ 32. డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే వాటిని ఎక్స్చేంజ్‌లో అమ్మేస్తే ఆ 3,200 చేతికొస్తుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే ఇష్యూ ముగిశాక అవి రద్దయిపోతాయి, కంపెనీలో మీ వాటా కూడా ఐదో వంతు తగ్గుతుంది. చాలామంది చిన్న ఇన్వెస్టర్లు నష్టపోయేది ఇక్కడే.

ఇక ఆర్‌ఈ కొనడం. అది షేరు కాదు. కొన్నవాళ్లు గడువులోగా అప్లై చేసి డబ్బు కట్టకపోతే దాని విలువ సున్నా. ధర చవకో కాదో తేల్చాలంటే షేరు ధరలోంచి ఇష్యూ ధర తీసేసి చూడాలి. 2020లో రిలయన్స్ 15 షేర్లకు 1 చొప్పున, 1,257 రూపాయలకు ఇచ్చినప్పుడు ఈ లెక్క ఒక్కటే సరిపోలేదు. అప్లికేషన్‌తో 314.25 కడితే చాలు, మిగతా 942.75 రెండు విడతలుగా 2021లో కట్టాలి. ఆ డబ్బు మన దగ్గరే ఉన్నంతకాలం వచ్చే వడ్డీకి కూడా విలువ ఉంది కదా! అందుకే ట్రేడర్లు మామూలు తేడా కంటే ఎక్కువ ఇచ్చి ఆర్‌ఈలు కొన్నారు. అలాంటి కారణమేదీ లేకుండా ఆర్‌ఈ ధర ఆ తేడాను దాటితే, షేరునే నేరుగా కొనడం మేలు.

వారంట్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. వారంటు అంటే ముందే ఖరారు చేసిన ధరకు తర్వాత షేరు తీసుకునే హక్కు. ప్రమోటర్లకు ప్రిఫరెన్షియల్‌గా, అంటే అందరికీ కాకుండా ఎంచుకున్నవాళ్లకే ఇచ్చే వారంట్లకు ముందు కట్టేది 25 శాతమే, మిగతాది కట్టడానికి 18 నెలల గడువు. ధర పడితే ఆ 25 శాతం వదులుకుంటారు, పెరిగితే షేర్లు తీసుకుంటారు. 10 కోట్ల షేర్లున్న కంపెనీ 100 ధరకు కోటి వారంట్లు ఇచ్చిందనుకోండి. షేరు 180కి చేరాక ఒక్కో వారంటుకు మిగిలిన 75 కట్టి షేర్లు తీసుకుంటే, లెక్క ప్రకారం ఒక్కో షేరు విలువ దాదాపు 170కి వస్తుంది. రైట్స్‌లో హక్కు అమ్ముకునే దారైనా ఉంది, ఇక్కడ మీకు ఏ హక్కూ రాదు. ఇలాంటి ఇష్యూకు వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి, కాబట్టి ఈ-ఓటింగ్ నోటీసు వచ్చినప్పుడు వారంటు ధర, ఎన్ని వారంట్లు, ఎవరికి అన్నది చదివి ఓటెయ్యండి.