సర్కిల్ బ్యాక్ అనగా ప్రదక్షిణ

మొన్న సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకి, మా ఫ్లోర్‌లో సగం లైట్లు ఆర్పేశాక, చేరి తొమ్మిది రోజులైన కుర్రాడొకడు బ్యాగు భుజానికి తగిలించుకుని మరీ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏం తమ్ముడూ, ఇంకా వెళ్ళలేదా అంటే, "లేదన్నా, పొద్దున మీటింగులో నేనొకటి అడిగితే మేనేజర్ గారు 'లెట్స్ సర్కిల్ బ్యాక్', అంటే దీని దగ్గరికి మళ్ళీ వద్దాం అన్నారు. ఇంకా రాలేదు, వెళ్ళిపోతే బాగోదేమోనని" అన్నాడు. ఏడింటి క్యాబ్ కూడా వదిలేసుకున్నాడు. ఆయన సాయంత్రం అయిదింటికే బయల్దేరి ఈపాటికి కొండాపూర్‌లో పిల్లల చేత హోంవర్క్ చేయిస్తూ ఉంటాడని చెప్పేసరికి వాడి మొహం చూడాల్సింది. నేనేమైనా తప్పు అడిగానా అని ఒకటే టెన్షన్. వాడిలాంటి వాళ్ళు మాదాపూర్ నిండా ఉన్నారు కాబట్టి, పదహారేళ్ళ సర్వీసు సాక్షిగా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తమ్ముడూ, సర్కిల్ బ్యాక్ అంటే ప్రదక్షిణ. చిలుకూరు బాలాజీ దగ్గర కోరిక కోరుకునేటప్పుడు 11, తీరాక వచ్చి 108 చేస్తాం కదా. ఆఫీసులో ఆ 108 ముందే చేయించుకుంటారు, కోరిక సంగతి తర్వాత చూస్తారు. పైగా అక్కడ తిరిగేది మనం, దేవుడు కదలడు, ఎన్ని చుట్లు అయ్యాయో చేతిలో కార్డు మీద టిక్కులుంటాయి. ఇక్కడ తిరిగేది మన ప్రశ్న. ఎన్ని చుట్లు తిరిగిందో ఎవరూ లెక్కపెట్టరు.

ఇది అమెరికా నుంచి వచ్చిన జబ్బు అని మనవాళ్ళు కొందరు విసుక్కుంటారు. నిజమే, 2021లో వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ జెన్ సాకీ విలేకరులకు ఈ మాట పదే పదే చెప్పి ఎగతాళి పాలైంది. మిషిగన్‌లోని లేక్ సుపీరియర్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు వాడకం నుంచి బహిష్కరించాల్సిన మాటలంటూ ఏటా సరదాగా వేసే జాబితాలో 2022లో దీన్నీ చేర్చారు. అయినా దాని మీద ఈగ వాలలేదు. కానీ సరుకు మాత్రం మనదే. ఒకప్పుడు ఊళ్ళల్లో దెయ్యం తలుపు కొడుతుందన్న భయంతో ఇంటి గోడ మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు. దెయ్యం వస్తుంది, చదువుకుంటుంది, బుద్ధిగా వెళ్ళిపోతుంది, మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత. సర్కిల్ బ్యాక్ అచ్చం ఆ రాతే, కాకపోతే ఇక్కడ దెయ్యం స్థానంలో నువ్వున్నావు. చదువుకున్న దెయ్యానివి కాబట్టి ఓకే, థాంక్యూ అని కూడా అంటావు.

దీని వ్యాకరణం ఒకసారి జాగ్రత్తగా చూడు. 'నేను గురువారం చెప్తాను' అంటే అందులో మనిషి ఉన్నాడు, రోజు ఉంది. 'లెట్స్ సర్కిల్ బ్యాక్' అంటే మనందరం కలిసి ఎప్పుడో ఒకప్పుడు. మనందరం అంటే ఎవరూ కాదు. పెళ్ళిలో వడ్డనకి మనోళ్ళున్నారులే అనుకుంటే ఎవరూ లేకపోవడం లాంటిదన్నమాట. మిగతా మాటలన్నీ దీని చుట్టాలే. 'టేక్ ఇట్ ఆఫ్‌లైన్' అంటే ఇంతమంది ముందు నాకు జవాబు తెలియదని చెప్పలేను అని. 'పార్కింగ్ లాట్‌లో పెడదాం' అంటే బండి పెట్టాం గానీ టోకెన్ ఎవరికీ ఇవ్వలేదు అని. 'బ్యాండ్‌విడ్త్ లేదు' అంటే తీరిక ఉంది గానీ నీ పనికి లేదు అని. 'ఈఓడీకల్లా ఇస్తా', అంటే రోజు ముగిసేలోపు ఇస్తా అన్నప్పుడు మాత్రం ఎవరి ఈఓడీ అని తప్పకుండా అడుగు. న్యూజెర్సీలో సాయంత్రం అయిదంటే మనకి ఎండాకాలంలో రాత్రి రెండున్నర, చలికాలంలో మూడున్నర. తెలియక నేను రెండు రాత్రులు మేలుకున్నాను.

ఇంత నవ్వుతున్నాను గానీ, ఈ మాట ఒకసారి నన్ను ఎలా తిప్పిందో కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట, పాత కంపెనీలో, అమెరికా క్లయింట్ నుంచి రోజూ రాత్రి బిల్లుల ఫైలు ఒకటి వచ్చేది. అందులో తేదీ 06/01 అని ఉంటుంది. నెల ముందా, రోజు ముందా? జూన్ మొదటి తారీఖా, జనవరి ఆరా? మే నెలాఖరు మీటింగులో అడిగాను. గుడ్ క్వశ్చన్ అన్నారు. (గుడ్ క్వశ్చన్ అన్నారంటే జవాబు రాదని అప్పటికి నాకు తెలియదు.) సర్కిల్ బ్యాక్ అవుదాం అన్నారు. మళ్ళీ అడిగితే విసుక్కుంటారేమోనని నోరు మూసుకుని, మన అలవాటు ప్రకారం రోజు ముందు అనుకుని ప్రోగ్రాం రాసేశాను. జూన్ 1 నుంచి ఫైళ్ళు రావడం మొదలైంది. ఒక్క ఎర్రర్ లేదు. ఎందుకుంటుంది? 06/01 జనవరి ఆరు అయింది, 06/02 ఫిబ్రవరి ఆరు అయింది, అన్నీ ఉన్న తేదీలే కదా. 6వ తారీఖున 06/06 కాబట్టి ఎటు చదివినా ఒకటే, ఆ రోజు లెక్క అక్షరాలా సరిపోయింది. రిపోర్ట్ చాలా బాగుందని క్లయింట్ మెయిల్ పెట్టింది కూడా ఆ రోజే. 12న వచ్చిన బిల్లులు డిసెంబరులో కూర్చుంటే, అవి రాబోయే నెలల అంచనాలేమో అని ఎవరో సర్దుకున్నారు.

13న 06/13 వచ్చింది. పదమూడో నెల లేదు. రాత్రి మూడింటికి ప్రోగ్రాం పడిపోయింది, నాకు ఫోనొచ్చింది. దారి తప్పి పన్నెండు రోజులు ఊరంతా తిరిగిన నా ప్రశ్న చివరికి అలా ఇంటికొచ్చింది. కాల్‌లో అడిగిన మొదటి మాట: "ఇది ముందే ఎందుకు అడగలేదు?" అడిగానండీ అన్నాను. మెయిల్ ఉందా అన్నారు. లేదు. అన్నది నోటితో, విన్నది ఎనిమిది మంది, గుర్తున్నది నా ఒక్కడికే. వారంలో ఒక్క ఫైలు తెరిచి జనవరి బిల్లులేంటని చూసుకున్నా బయటపడేది, అది నా తప్పే.

అప్పటి నుంచి నేను ప్రశ్న అడగడం మానేశాను. మీటింగ్ అయిన పది నిమిషాల్లో చాట్‌లో ఒక ముక్క పెడతాను: 'తేదీలో నెల ముందు అని తీసుకుంటున్నాను, కాదంటే గురువారం మధ్యాహ్నంలోపు చెప్పండి, లేకపోతే ఇలాగే చేసేస్తాను.' జవాబు ఇవ్వడానికి బద్ధకించే మనిషి కూడా తప్పు కనబడితే మాత్రం పరిగెత్తుకొస్తాడు. రాకపోతే నా దారి నాకుంది, రాతపూర్వకంగా ఉంది. డబ్బులు, పర్మిషన్ల దగ్గర మాత్రం ఈ ఎత్తు పనికిరాదు, అక్కడ మౌనాన్ని సరే అనుకుంటే మునిగేది మనమే.

ఇదంతా మా కుర్రాడికి క్యాబ్ వచ్చేలోపు చెప్పాను. వాడి ప్రశ్న కూడా పైకి చిన్నదే: బిల్లు మొత్తం రాని చోట గడి ఖాళీగా వదలాలా, సున్నా వేయాలా? సున్నా వేస్తే సగటు లెక్క కిందికి పడిపోతుంది, ఖాళీ వదిలితే ఆ వరుసను సగటులో కలపదు, అంటే నెల రిపోర్టే మారిపోతుంది. నేను చెప్పినట్టే పెట్టు అన్నాను. మరీ అలా తేల్చి రాస్తే పొగరనుకుంటారేమో అన్నా అంటూనే వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే నా సీటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, నాలుగు నిమిషాల్లో రిప్లై వచ్చింది!" ఫోన్ చూపించాడు. వాడు పెట్టిన మెసేజ్: 'సార్, ఖాళీ వదలాలా, సున్నా వేయాలా?'

దాని కింద మేనేజర్ గారు పెట్టింది ఒక్కటే. పైకెత్తిన బొటనవేలు.