గిఫెన్ వస్తువు: ప్రశ్నపత్రాల్లో విరగకాపు

ధర తగ్గితే కొనుగోలు తగ్గి, ధర పెరిగితే కొనుగోలు పెరిగే తిరకాసు సరుకే గిఫెన్ వస్తువు. బయట లోకంలో దాని కోసం వెతకడమంటే కుందేటి కొమ్ము కోసం తిరగడమే. ప్రశ్నపత్రాల్లో మాత్రం దానికి ఏటా విరగకాపు. నాలుగు ఆప్షన్లలో ఎక్కడో ఒకచోట నక్కి ఉంటుంది. అందుచేత దాని ఆనవాళ్లు ఇందుమూలముగా ప్రకటించడమైనది.

ఒక బీద కుటుంబం తిండిగింజలకు నెలకు 900 రూపాయలు పెడుతుంది. కిలో 20 చొప్పున నూకలు 20 కిలోలు, కిలో 50 చొప్పున సన్నబియ్యం 10 కిలోలు. ఇంతలో నూకల ధర 10కి పడింది. పాత సరుకంతా ఇప్పుడు 700కే వచ్చేస్తుంది.

మిగిలిన 200 వెంటనే గుంజుకోండి. కంగారు వద్దు, కాగితం మీదే. 700తో మిగిలిన ఆ ఇల్లాలు సన్నబియ్యంతో పోలిస్తే నూకలు చవకయ్యాయని వాటిని 22 కిలోలకు పెంచిందనుకుందాం. ఈ 2 కిలోలు ప్రత్యామ్నాయ ప్రభావం. ధర తగ్గినప్పుడు ఇది కొనుగోలును ఎన్నడూ తగ్గించదు. గిఫెన్ వస్తువుకూ ఇదే నియమం. ‘ప్రత్యామ్నాయ ప్రభావం వల్ల డిమాండ్ తగ్గును’ అనే ఆప్షన్ కనబడితే అక్కడే కొట్టేయండి.

ఇప్పుడు ఆ 200 తిరిగి ఇచ్చేయండి. చేతిలో డబ్బు ఆడగానే నూకలంటే మొహం మొత్తుతుంది. నూకలు 15, సన్నబియ్యం 15 కిలోలు తెస్తారు. 22 నుంచి 15కి పడిన ఈ 7 కిలోలు ఆదాయ ప్రభావం. రెండు పెరిగి ఏడు తగ్గాయి కనుక, ధర సగమైనా నూకల కొనుగోలు 5 కిలోలు పడిపోయింది. దొంగ దొరికాడు.

అదే నూకలు 21 దగ్గర ఆగి ఉంటే? ఆదాయ ప్రభావం ఒక్క కిలోనే వెనక్కి లాగినట్టు. అప్పుడవి ఆదాయం పెరిగితే కొనుగోలు తగ్గే నాసిరకం వస్తువే గానీ గిఫెన్ కాదు. ‘నాసిరకం వస్తువులన్నీ గిఫెన్ వస్తువులే’ అన్న వాక్యం ఏటా ఎందరినో బలిగొనేది ఇక్కడే. గిఫెన్ వస్తువులన్నీ నాసిరకం వస్తువులే, తిరగేస్తే చెల్లదు.

ఆప్షన్లలో వజ్రం కూడా ముస్తాబై కూర్చుంటుంది. ధర పెరిగితే దాన్ని ఎగబడి కొనేది దర్పం కోసం, అది ఆర్థికవేత్త వెబ్లెన్ గారి ఖాతా. ఉప్పు సంగతి సరేసరి. ఇంటి ఖర్చులో దాని వాటా చిటికెడు, దాని ధర తగ్గితే ఎవరి ఆదాయం పెరిగినట్టు?

గిఫెన్ వస్తువుకు ఉదాహరణగా ఐర్లండ్ బంగాళాదుంప మాత్రం జవాబుల కీలో చిరంజీవి. 1845లో తెగులొచ్చి పంటే కుళ్లిపోతే, లేని దుంపల్ని జనమంతా మరింత ఎలా కొన్నారని కీని అడగడం అవిధేయత.

నిజంగా పట్టుబడింది చైనాలోని హునాన్‌లో. జెన్సెన్, మిల్లర్ అనే ఆర్థికవేత్తలు పేద కుటుంబాలకు కూపన్లిచ్చి బియ్యం ధర తగ్గిస్తే బియ్యం వాడకం తగ్గింది. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అయితే నిరుపేదల్లో ఆ లక్షణం కనబడలేదు. వాళ్లకు ముందు కడుపు నిండాలి, మొహం మొత్తడం తర్వాత. కాబట్టి ‘పేదరికం ఎంత ముదిరితే గిఫెన్ లక్షణం అంత ఎక్కువ’ అనే ఆప్షన్ ఎంత ముద్దొచ్చినా టిక్కు పెట్టకండి.