జూన్ అనే ఆకస్మిక విపత్తు

మా ఇంట్లో ఏటా మూడు నాలుగు ఆకస్మిక విపత్తులు సంభవిస్తుంటాయి. మొదటిది జూన్ రెండో వారంలో వస్తుంది. దాన్ని బడి తెరవడం అంటారు. మా అబ్బాయి ఆరో తరగతికి వచ్చాడు కాబట్టి ఈ దుర్ఘటన ఇప్పటికి చాలాసార్లే జరిగింది. అయినా ఫీజు చీటీ చేతికి రాగానే "ఇంత హఠాత్తుగానా!" అంటూ నేను కుర్చీలో కూలబడటం ఆనవాయితీ. ఆగస్టులో ఆరోగ్య బీమా, ఆ వెనకే వరలక్ష్మీ వ్రతం, అక్టోబరులో దసరా, జనవరిలో సంక్రాంతి. సంక్రాంతి వస్తుందని ఎవరైనా ముందుగా చెప్పారా అసలు?

బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే వాతావరణ శాఖ నాలుగు రోజుల ముందే హెచ్చరిస్తుంది. బీమా కంపెనీ నెల ముందు నుంచే రోజుకో సందేశం పంపుతుంది. తుపాను మాట నమ్మి గొడుగు కొన్నాను గానీ, బీమా కంపెనీ మాట నమ్మి రూపాయి పక్కన పెట్టలేదు. విపత్తు నిర్వహణలో నాదొక ప్రత్యేక శైలి. తేదీ దాటాక క్రెడిట్ కార్డు గీకి, ఆ కార్డు బిల్లును వాయిదాల్లోకి మార్చి, చివరి వాయిదా అయ్యేసరికి మళ్లీ జూన్‌ను చేరుకోవడం.

దీనికి విరుగుడు ఉందని లెక్కలు తెలిసినవారు చెబుతారు. ఏడాదికోసారి వచ్చే ఖర్చులకు నెలనెలా కొంత తీసి పక్కన పెట్టడం. దాని పేరు సింకింగ్ ఫండ్. మునిగే నిధి అన్నమాట. 1717లో బ్రిటన్‌లో ఆర్థిక మంత్రి రాబర్ట్ వాల్పోల్ దేశపు అప్పును ముంచడానికి ఈ పేరుతో నిధి పెట్టించాడు. 1733లో మామూలు ఖర్చులకు డబ్బు చాలక ఆయనే అందులో చేయి పెట్టాడు. అప్పు తేలింది, నిధి మునిగింది. పేరు మాత్రం సార్థకమైంది. ఈ కథ చదివాక ఆ పద్ధతి మా ఇంటికి సరిగ్గా సరిపోతుందని నాకు నమ్మకం కుదిరింది.

ఈ ఏప్రిల్ మొదటి ఆదివారం నేనూ మా ఆవిడా లెక్కల సంఘంగా ఏర్పడ్డాం. అధ్యక్ష స్థానం ఆవిడది. కార్యదర్శిని నేను. పరిశీలనకు వచ్చిన పత్రాలు 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా మా బ్యాంకు స్టేట్‌మెంటు. ఫోనులో నుంచి దించుకోవడం రెండు నిమిషాల పని. చదవడానికి ధైర్యం కూడగట్టుకోవడానికి నాకు మూడు గంటలు పట్టింది.

ముందు నెలనెలా కనిపించే పద్దులన్నీ కొట్టేశాం. జీతం, ఇంటి అప్పు వాయిదా, కరెంటు, పాలు. మిగిలినవాటిలో మూడు వేలకు మించినవి ఏరాం. అక్కడే మొదటి పొరపాటు చేశాను. ప్రతి నెలా క్రెడిట్ కార్డుకు కట్టిన మొత్తం స్టేట్‌మెంటులో ఒకే ముద్దగా ఉంటుంది. నెలనెలా ఉంది కదా అని దాన్ని కూడా కొట్టేశాను. మా ఆవిడ కార్డు స్టేట్‌మెంటు విడిగా తెరిపించింది. కారు బీమా, దసరా చీరలు, బడి పుస్తకాలు అన్నీ ఆ ముద్దలోనే ఒదిగి కూర్చున్నాయి. కంగారులో నేను ముద్దనూ లెక్కించి, దాని లోపలివాటినీ లెక్కించబోయాను. అలా చేసి ఉంటే గత ఏడాది మేము రెండు కార్లకు బీమా కట్టినట్టు తేలేది.

జనవరి 9న ఏటీఎంలో పది వేలు, 11న మరో పది వేలు తీసినట్టు ఉంది. దేనికని స్టేట్‌మెంటు చెప్పదు. "అది సంక్రాంతి" అంది అధ్యక్షురాలు, క్షణం ఆలోచించకుండా. మా బ్యాంకు సర్వర్లలో లేని సమాచారం ఆవిడ దగ్గర ఉంది. పిండివంటల సామాను, పనమ్మాయికి చీర, వాటికి తోడు విడిగా కట్టిన ఊరెళ్లే బస్సు ఛార్జీలు కలిపి 25,000గా తేల్చింది. నగదు తీసిన తేదీలను పంచాంగం పక్కన పెట్టి చూస్తే పండుగలు వాటంతటవే బయటపడతాయని ఆ రోజు నాకు తెలిసింది.

పంచాంగం అన్నాను కాబట్టి ఒక మాట. ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కగట్టే ఆర్థిక సంవత్సరానికి మన పండుగలతో పొత్తు కుదరదు. 2024 ఏప్రిల్ 9న ఉగాది, 2025 మార్చి 30న మళ్లీ ఉగాది. అంటే 2024-25లో రెండు ఉగాదులు. 2026 మార్చి 19 తరువాత వచ్చేది 2027 ఏప్రిల్ 7న కనుక, 2026-27లో ఉగాదే లేదు. ఆ లెక్కన ఈ ఏడాది కొత్త బట్టలు అక్కర్లేదని ఒక తీర్మానం ప్రవేశపెట్టాను. సంఘం దాన్ని చర్చకైనా తీసుకోలేదు.

తరువాత పాత అంకెలను ఈ ఏటి అంకెలుగా మార్చాలి. అన్నిటికీ పది శాతం కలిపేసి లేచిపోదామని నా ప్రతిపాదన. బడి ఫీజుకు అది సరిపోయింది. మా బడివాళ్లు పది శాతం పెంచుతున్నట్టు ముందే చీటీ పంపారు. లక్ష కాస్తా 1,10,000 అయింది. ఆరోగ్య బీమా దగ్గర మాత్రం నా సూత్రం బోల్తా పడింది. కిందటి ఆగస్టులో 29,500 కట్టాం. అందులో 4,500 జీఎస్టీ. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాల మీద ఆ పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. కాబట్టి ముందు పన్ను తీసేసి, మిగిలిన 25,000 మీద పెంపు లెక్కించాలి. బీమా పట్టికలో నా వయసు కొత్త గడిలోకి జారినందుకు కంపెనీ 12 శాతం పెంచుతానంటోంది. అంటే 28,000. నా సూత్రం ప్రకారమైతే 32,450 పక్కన పెట్టేవాళ్లం. ఆ ఉత్సాహంలో జీవిత బీమాలోంచి కూడా పన్ను తీసేయబోయాను. అది మార్చిలో కట్టింది. అప్పటికే పన్ను లేదు. 25,000 అంటే 25,000.

స్టేట్‌మెంటులో అసలు కనపడని శత్రువు ఒకటుంది. 2021 జూలైలో స్కూటరు కొన్నాం. కొత్త ద్విచక్ర వాహనానికి థర్డ్ పార్టీ బీమా ఒకేసారి ఐదేళ్లకు కట్టించుకుంటారు. కారుకైతే మూడేళ్లకు. అందువల్ల కిందటేడాది స్టేట్‌మెంటులో స్కూటరు ఊసే లేదు. ఈ జూలైలో ఆ ఐదేళ్లు నిండుతాయి. బీరువాలోని పాలసీ కాగితాల మీద గడువు తేదీలు చదివితే తప్ప ఇది దొరకదు. రెండు వేలు వేసుకుని, కారు పన్నెండు వేలతో కలిపి జూలైకి 14,000 రాశాం.

తేలిన చిట్టా ఇది. ఏప్రిల్‌లో ఇంటి పన్ను 6,000. హైదరాబాదులో ఏప్రిల్‌లోనే కట్టేవారికి ఐదు శాతం రాయితీ ఇస్తారు, అది పోను. జూన్‌లో మొదటి విడత ఫీజు, పుస్తకాలు కలిపి 65,000. జూలై 14,000. ఆగస్టులో బీమా, వ్రతం 40,000. అక్టోబరులో రెండో విడత ఫీజు 33,000, దసరా 20,000. నవంబరులో దీపావళి 8,000. జనవరిలో మూడో విడత, సంక్రాంతి 47,000. మార్చిలో జీవిత బీమా 25,000. మొత్తం 2,58,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 21,500.

నేను పెన్ను మూత పెట్టేశాను. నాకు తెలిసిన ఆర్థిక శాస్త్రం అక్కడితో సమాప్తం.

"ఏమండీ, జూన్ దాకా ఎంత పోగవుతుంది?" అంది ఆవిడ.

మూడు నెలలకు 64,500. ఇంటి పన్ను పోను 58,500. జూన్‌కు కావలసింది 65,000. నిధి పెట్టిన మూడో నెలకే 6,500 లోటు. ఏడాది మొత్తానికి సరిపోయే నిధి ఏడాది మధ్యలో దివాలా తీస్తుందన్న సంగతి పన్నెండుతో భాగించినప్పుడు నాకు తట్టనే లేదు. నెలనెలా 21,500 కలుపుతూ, ఖర్చులు తీసేస్తూ, నిల్వ ఎంతుంటుందో మార్చి దాకా రాసుకుంటూ పోయాం. ఆగస్టుకు లోటు 17,500. అక్టోబరుకు 27,500. జనవరికి 18,000. మార్చి 31కి సరిగ్గా సున్నా. ఇన్నేళ్లూ నేను జూన్‌ను తిట్టిపోశాను. అసలు గొయ్యి అక్టోబరులో ఉంది.

అంటే ఈ నిధికి రెండు అంకెలు కావాలి. నెలనెలా వేసే 21,500 ఒకటి, మొదటి రోజే వేయాల్సిన 27,500 రెండోది. ఆ రెండోది లేకుండా మొదలుపెట్టినవాడు జూన్‌లో క్రెడిట్ కార్డు తీసి, ఈ పద్ధతే దండగని ఊరంతా చాటుతాడు. రెండేళ్ల కిందట నేను అలాగే చాటాను.

గొయ్యి లోతు కూడా ఏటా ఒకేలా ఉండదు. 2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. ఈ ఏడాది జ్యేష్ఠం అధిక మాసం కావడంతో దసరా అక్టోబరు 20కి, దీపావళి నవంబరు 8కి జరిగాయి. దీపావళి ఖర్చును నేను స్టేట్‌మెంటులో ఉన్నట్టే అక్టోబరులో వేస్తే లోటు 35,500 అయింది. నవంబరుకు జరిపితే 8,000 తగ్గింది. శుభకార్యాలకు పనికిరాదని అధిక మాసాన్ని అందరూ ఈసడిస్తారు గానీ, మా ఇంటికి ఎనిమిది వేలు మిగిల్చింది మాత్రం అదే. 2027లో దీపావళి మళ్లీ అక్టోబరు 29కి వచ్చేస్తుంది.

ఇంకో దారి కూడా లెక్కలో కనిపించింది. ఇదే నిధిని నవంబరులో మొదలుపెడితే ముందస్తు సొమ్ము రూపాయి కూడా అక్కర్లేదు. గొయ్యి దాటాక మొదలవుతుంది కాబట్టి, తరువాతి అక్టోబరుకు సున్నాకు చేరుతుందే తప్ప కిందికి దిగదు. "అయితే నవంబరు దాకా ఆగుదాం" అన్నాను బాధ్యతగా. దసరా అయిన మర్నాడు నా జేబులో 21,500 ఎన్నడైనా ఉన్నాయా అని అధ్యక్షురాలు ఆధారాలు అడిగింది. స్టేట్‌మెంటు బల్ల మీదే ఉంది. ప్రతిపాదన ఉపసంహరించుకున్నాను.

ఇక 27,500 ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న. వంటింట్లో పోపుల డబ్బాల వెనక ఒక డబ్బా ఉందని ఆ రోజే తెలిసింది. ఆవిడ డబ్బు లెక్కపెట్టి, "ఇది అప్పు, మీ పేరున రాసుకోండి" అంది. డెబిట్ కార్డు లేని మరో పొదుపు ఖాతా తెరిచి అందులో వేశాం. రికరింగ్ డిపాజిట్ అయితే వడ్డీ ఎక్కువ వస్తుందన్నాను. రెండు నెలలకోసారి పగలగొట్టే హుండీకి వడ్డీ ఏమిటంది.

కార్యదర్శి హోదాలో నెలవారీ నిల్వల పట్టికను శుభ్రంగా తిరగరాశాను. ముందస్తు సొమ్ము కలిశాక మే 31న ఖాతాలో 64,500 ఉండబోతోంది. అప్పటికి బయట ఎండ నలభై దాటి ఉంటుంది. మా పడకగదిలో ఏసీ లేదు. కేవలం విద్యా దృష్టితో ఆ అంకె చుట్టూ పెన్సిలుతో చిన్న సున్నా చుట్టాను.

మర్నాడు ఉదయం ఫోనులో చూస్తే కొత్త ఖాతాకు ముద్దుపేరు పెట్టి ఉంది: "జూన్ ఫీజు, ఏసీ కాదు".