‘నాను ఉంటానా, పోతానా?’: రాయగడ గోదాములో చెప్పాల్సిన జవాబు

“సార్, కంపెనీ సంగతి తర్వాత. నాను ఉంటానా, పోతానా? అది సెప్పండి ముందు.”

ఒడిశాలోని రాయగడలో మా గోదాము వెనక వరండాలో, సరుకు లెక్క రాసే కుర్రాడు నన్ను అడిగిన మాట ఇది. అప్పటికి ఇరవై నిమిషాలుగా నేను మాట్లాడుతూనే ఉన్నాను. మార్కెట్ ఎలా మారింది, ఖర్చులు ఎంత పెరిగాయి, వైజాగ్ ఆఫీసుతో కలిపితే పని ఎలా సులువవుతుంది అన్నీ చెప్పాను. అతనికి కావాల్సిన ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. చివర్లో “ఎవరికీ ఏమీ కాదు, టెన్షన్ పడకండి” అని కూడా అన్నాను. అది నాకు తెలిసిన నిజం కాదు, ఆ గదిలోంచి బయటపడటానికి అన్న మాట. నాలుగు నెలల తర్వాత ముగ్గురి ఉద్యోగాలు పోయాయి. ఆ తర్వాత రెండేళ్ల పాటు నేను జీతం తేదీ చెప్పినా జనం అకౌంట్స్ వాళ్లని మళ్లీ అడిగి గానీ నమ్మలేదు.

ఈ ఏడాది జనవరిలో అదే గోదాములో మళ్లీ మార్పులు వచ్చాయి. ఈసారి ఎలా చెప్పామో, ఎందుకు అలా చెప్పామో రాస్తున్నాను. సరిహద్దు ఊళ్లలో ఇలాంటి చిన్న డిపోలు, బ్రాంచీలు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. హెడ్డాఫీసు అటు ఆంధ్రలోనో, భువనేశ్వర్‌లోనో ఉంటుంది. నిర్ణయం అక్కడ జరుగుతుంది, ముఖం చూసి చెప్పాల్సింది మాత్రం మనం.

మా ఊరికి ఈ ఎదురుచూపు కొత్త కాదు. 2019 ఫిబ్రవరి 27న దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించినప్పుడు వాల్తేరు డివిజన్‌ని చీల్చి కొంత విజయవాడకి, మిగతాది రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్‌కి అన్నారు. రాయగడ డివిజన్‌కి ప్రధాని శంకుస్థాపన చేసింది 2025 జనవరి 6న. ఫిబ్రవరికల్లా కేంద్ర క్యాబినెట్ మాట సవరించి, వాల్తేరుని కుదించి విశాఖపట్నం డివిజన్‌గా ఉంచుతామంది. ఏం మారుతుందో మొదటి రోజే ప్రకటించారు. ఎప్పుడు, ఎవరికి అన్నది తేలడానికి ఆరేళ్లు పట్టింది, తేలేసరికి మొదట చెప్పిందే మారింది. అంత పెద్ద వ్యవస్థకి అది తప్పదేమో. ముప్పై ఒక్క మంది ఉన్న గోదాముకి ఆ సాకు లేదు.

మా సంగతి ఇది. బిల్లింగ్, సరుకు లెక్కలు చూసే ఐదుగురి పని ఏప్రిల్ 1 నుంచి వైజాగ్‌కి పోతుంది. ఒక పోస్టు రాయగడలో ఉంటుంది, రెండు వైజాగ్‌లో ఉంటాయి. అంటే ఇద్దరికి ఉద్యోగం ఉండదు. లోడింగ్‌లో ఎనిమిది మందికి మధ్యాహ్నం షిఫ్టు మొదలవుతుంది. మిగతా పద్దెనిమిది మందికి చేసే పనిలో మార్పు లేదు.

మొదటి ప్రశ్న, ఎవరికి ముందు చెప్పాలి? క్రితంసారి ఆ ముగ్గురిని తీసేసినప్పుడు అందరినీ ఒకేసారి కూచోబెట్టాం. ఉద్యోగం పోయేవాడు ఆ సంగతి యాభై కళ్లు చూస్తుండగా విన్నాడు. ఈసారి ఉదయం తొమ్మిదికి బిల్లింగ్ వాళ్లని ఒక్కొక్కరినే పిలిచాం, పదిహేను నిమిషాల చొప్పున. ఉద్యోగం పోయే ఇద్దరికీ మొదటి వాక్యంలోనే సంగతి చెప్పేశాం: “మార్చి 31 తర్వాత మీ ఉద్యోగం ఉండదు.” కారణాలు ఆ తర్వాత. పదకొండింటికి మొత్తం ముప్పై ఒక్క మందికీ చెప్పాం. మధ్యలో రెండు గంటల కంటే ఎక్కువ ఎడం ఉంటే స్టేషన్ దగ్గర టీ కొట్టులో ఆ సంగతికి కాళ్లొస్తాయి. ఇద్దరు పోతారన్నది పన్నెండు మంది అయిపోతుంది.

ఒడియా వాళ్లు, కుయి మాట్లాడేవాళ్లు కూడా మా దగ్గర ఉన్నారు. కాగితం తెలుగులో, ఒడియాలో ఇచ్చాం. లోడింగ్ వాళ్లకి వాళ్ల మేస్త్రీ చేతే కుయిలో చెప్పించాం, కానీ ముందురోజు సాయంత్రం అతనితో కూచుని ఒక్కో మాటకి అర్థం సరిచూసుకున్నాం. “సర్దుబాటు” అన్న మాటని కొట్టేసింది అతనే. “సర్దుబాటంటే జీతం కోత అనుకుంటారు సార్” అన్నాడు.

ఆ కాగితంలో మూడు గళ్లు: మారేది, మారనిది, ఇంకా తేలనిది. రాయడం అన్నిటికంటే కష్టమైంది మధ్య గడి. యజమానులకి అక్కడ “మన కుటుంబ వాతావరణం అలాగే ఉంటుంది” లాంటివి రాయాలనిపిస్తుంది. వరండాలో కూచున్నవాడికి అది ఏ ధైర్యమూ ఇవ్వదు. మేం రాసినవి ఇవి: జీతం పడే తేదీ 7, చేరిన తేదీ ప్రకారం సీనియారిటీ, ఆదివారం సెలవు, పీఎఫ్ నంబరు, దసరాకి ముందు బోనస్, ఇప్పటికే తీసుకున్న అడ్వాన్సుల కోత నెలకి ఎంతో అంతే. ఆ అడ్వాన్సు మాట చదివాకే లోడింగ్ వాళ్ల భుజాలు కిందికి దిగడం చూశాను. “ఇవన్నీ ఎప్పటికీ ఇంతే” అని రాయలేదు. “వచ్చే మార్చి దాకా” అని రాశాం, మాకు హెడ్డాఫీసు రాతపూర్వకంగా ఇచ్చిన హామీ అంతవరకే కాబట్టి.

షిఫ్టు మార్పుకి చట్టం కూడా ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కార్మికుల పని వేళలు, షిఫ్టుల లాంటివి మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పాత 1947 చట్టంలోనూ ఈ నియమం ఉండేది. చిన్న చోట్ల దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, నోటీసు బోర్డు మీద రేపటి నుంచి అని అంటించేస్తారు.

“నన్నే ఎందుకు?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దీనికి పనితీరు కథ చెప్పడం చాలా పెద్ద తప్పు. పని తరలిపోయి ఉద్యోగం పోతున్నవాడికి, నువ్వు సరిగ్గా చేయలేదన్న మచ్చ కూడా అంటుకుంటుంది. ఒకే రకం పనిలో చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలన్నది చట్టంలోని మామూలు నియమం. బిల్లింగ్ ఐదుగురి సీనియారిటీ జాబితాని తేదీలతో గోడకి అంటించాం. చివరి రెండు పేర్లు ఎవరివో ఎవరికి వాళ్లే చూసుకున్నారు. గొణుగుడు లేదని కాదు, కానీ “మేనేజర్‌కి నచ్చనివాళ్లని తీసేశారు” అన్న మాట మాత్రం రాలేదు.

అన్నిటికంటే ఎక్కువగా పోట్లాడింది రాజీనామాల మీద. హెడ్డాఫీసు నుంచి వచ్చిన సలహా ఏమిటంటే, ఇద్దరి చేతా రాజీనామా రాయించుకుంటే గొడవ ఉండదు, వాళ్ల రికార్డు కూడా శుభ్రంగా ఉంటుంది. వినడానికి మర్యాదగానే ఉంటుంది. లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరి జీతం నెలకి 15,600. లెక్క తేలిగ్గా ఉండటానికి మొత్తం బేసిక్, డీఏ అనుకుందాం. సర్వీసు 5 ఏళ్ల 8 నెలలు. ఆరు నెలలు దాటిన భాగం ఇంకో ఏడాది కింద లెక్క కాబట్టి 6 ఏళ్లు. తొలగిస్తే నెల రోజుల నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం 15,600 ఇవ్వాలి. జనవరిలో చెప్పిన మాటని ఆ నోటీసు కింద లెక్కేసుకోకుండా, వాళ్లు వెంటనే వేరే ఉద్యోగం వెతుక్కునే వీలుండాలని మేం జీతమే ఇచ్చాం. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం, అంటే 7,800 ఆరు సార్లు, 46,800. కొత్త కోడ్‌లో నైపుణ్య శిక్షణ నిధి పేరుతో యజమాని కట్టాల్సిన మరో 15 రోజుల వేతనం 7,800, ఇది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. గ్రాట్యుటీకి నెలని 26 రోజులుగా లెక్కిస్తారు, 15 రోజులకి 9,000, ఆరేళ్లకి 54,000. మొత్తం 1,24,200.

అదే రాజీనామా కాగితం మీద సంతకం పెడితే మిగిలేది గ్రాట్యుటీ 54,000 మాత్రమే. శుభ్రమైన రికార్డు ఖరీదు 70,200 రూపాయలు, అదీ ఉద్యోగం పోతున్నవాడి జేబులోంచి. సాయం గురించి మాట్లాడుతూ ఈ తేడా దాచేస్తే, ఎంత మెత్తగా చెప్పినా అది మోసమే. అందుకే ప్రతి ఒక్కరికీ ఈ లెక్కని వాళ్ల అంకెలతో, ఒక పేజీలో వేసి ఇచ్చాం. ఇంటికి తీసుకెళ్లి చూపించుకోమన్నాం. సంతకం ఆ రోజు అడగలేదు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ఈ నోటీసు, పరిహారం వర్తించేది చట్టంలోని ‘కార్మికుడు’ అనే నిర్వచనంలోకి వచ్చేవాళ్లకి, ఏడాది నిరంతర సర్వీసు ఉన్నవాళ్లకి. మేనేజర్లు, నెలకి 18,000 దాటిన సూపర్‌వైజర్లు ఆ నిర్వచనంలోకి రారు. వాళ్లకి నియామక పత్రంలో ఏముందో అదే. ఆ సంగతి ముందే చెప్పకపోతే, కిందివాళ్ల కాగితం చూసి తమకీ అంతే వస్తుందని లెక్కలు వేసుకుంటారు.

పీఎఫ్ గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్పాం. ఉద్యోగం పోగానే మొత్తం తీసేసుకోవాలనిపిస్తుంది. కానీ పింఛను హక్కుకి 10 ఏళ్ల సర్వీసు కావాలి. ఆరేళ్ల దగ్గర పింఛను సొమ్ము తీసేసుకుంటే మళ్లీ సున్నా నుంచి మొదలు. అదే యూఏఎన్ మీద కొత్త చోటకి మార్చుకుంటే పాత ఏళ్లు కలుస్తాయి.

వైజాగ్ పోస్టుల్ని “మంచి అవకాశం” అని చెప్పకూడదని ముందే అనుకున్నాం. జీతం అదే, అద్దె కోసం నెలకి 2,500 ఏడాది పాటు. ఆ డబ్బుకి అక్కడ ఇల్లు దొరకదని నాకూ తెలుసు, వాళ్లకీ తెలుసు. పిల్లలు ఇక్కడ ఒడియా మీడియంలో చదువుతున్నారు, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ అన్నీ ఒడిశావి. ఆలోచించుకోవడానికి పదిహేను రోజులిచ్చాం. వెళ్లనంటే రాజీనామా కింద రాసుకోకుండా తొలగింపు లెక్కే ఇస్తామని హెడ్డాఫీసు చేత రాయించుకున్నాం. దానికి నాలుగు ఫోన్లు, ఒక వైజాగ్ ప్రయాణం అయ్యాయి. ఒకరు వెళ్లారు. ఇంకొకరు వాళ్ల అమ్మకి మజ్జిగౌరమ్మ గుడి దాటి అవతలికి రావడం ఇష్టం లేదని ఆగిపోయారు. ఆ పోస్టు, తీసేయాల్సిన ఇద్దరిలో సీనియర్‌కి వెళ్లింది.

మూడో గడిలో ఒకటే ఉంది: మధ్యాహ్నం షిఫ్టు వాళ్లకి రాత్రి ఇంటికి వెళ్లడానికి బండి ఏర్పాటు చేస్తారా, లేదా? దాని పక్కన ఫిబ్రవరి 10 అని రాశాం. ఆ తేదీకి హెడ్డాఫీసు నుంచి జవాబు రాలేదు. అయినా సాయంత్రం నాలుగింటికి లోడింగ్ షెడ్ దగ్గర అందరినీ పిలిచి, “ఇంకా జవాబు రాలేదు, మళ్లీ 17న చెప్తాను, బండి ఖాయమయ్యే దాకా షిఫ్టు మొదలుపెట్టం” అన్నాను. రెండు నిమిషాలు పట్టింది. మేస్త్రీ దాన్ని కుయిలో చెప్పాడు. వెనకనుంచి ఎవరో ఏదో అడిగారు. అతను నా వైపు తిరిగి, “17న ఎన్ని గంటలకని అడుగుతున్నారు సార్” అన్నాడు.

“నాలుక్కే” అన్నాను. అతను జేబులోంచి ఆ కాగితం తీసి, 10 కొట్టేసి 17 రాసుకున్నాడు.