కిట్టుకు దొరకని పిల్లవాడు

సంక్రాంతి సంచిక మధ్య పేజీలో మన సంఘం సేవా బృందం ఫొటో చూసే ఉంటారు. అనంతపురం జిల్లాలో, గుత్తి వైపు ఒక ఉన్నత పాఠశాల, శాలువాలు, ‘మత్తు వద్దు’ అన్న బ్యానరు, మూత్ర పరీక్ష కిట్ల పెట్టెలు. ఆ ఫొటోకు పావుగంట ముందు పదో తరగతి అబ్బాయినొకణ్ణి అదే వేదిక మీదికి పిలిచి, అతని జేబులో దొరికిన ఖైనీ పొట్లాన్ని పైకెత్తి చూపించారు. మైకులో తండ్రి పేరు కూడా చదివారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అమెరికాలో ఇరవై ఏళ్లుగా పిల్లల వైద్యుణ్ణి, అయినా కొట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పదమూడో ఏట మా తాత బీడీని పొయ్యి దగ్గర ముట్టించి తెచ్చేది నేనే. రెండు దమ్ములు నేను లాగాకే ఆయన చేతికి అందేది. ఆయనకు తెలుసు, నవ్వేవాడు. అది ముద్దు కాదని ఇప్పుడు తెలుసు. అయినా నన్నెవరూ రచ్చబండ ఎక్కించలేదు.

మర్నాడు ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి, తల్లిదండ్రుల అనుమతితో సైన్సు గదిలో కూర్చున్నాను. ఒక్కొక్కరే, టీచర్లు లేకుండా. ముందే ఒక మాట చెప్పాను: “నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం మీ అమ్మకు చెప్పాలి. అప్పుడైనా నీకు చెప్పే చెబుతాను.” ఈ హద్దు ముందుగా గీయకపోతే, తరువాత చెప్పడం నమ్మకద్రోహమవుతుంది.

ఖైనీ అబ్బాయిని “వాడావా?” అని అడగలేదు. “గత ఏడాదిలో ఎన్నిసార్లు? అసలు లేదా, ఒకటి రెండుసార్లా, నెలనెలానా, వారంవారమా?” అన్నాను. మా వృత్తిలో పిల్లల్ని వడగట్టే ప్రశ్న ఇదే. ఒకటి రెండుసార్లయితే సాధారణంగా సలహా చాలు. నెలనెలా అయితే కాస్త లోతుగా మాట్లాడి, మళ్లీ పిలిచి చూడాలి. వారంవారం అయితే నిపుణుడి దగ్గరికి పంపాలి. “రెండుసార్లు. శనక్కాయలు పీకేటప్పుడు కూలీలు ఇచ్చారు” అన్నాడు. నోట్లో తెల్ల మచ్చల్లేవు. “మానెయ్, ఇంకా అలవాటు కాలేదు, సులువు” అని చెప్పి, మళ్లీ ఎవరైనా ఇస్తే ఏమంటావని అడిగాను. “కబడ్డీలో దమ్ము ఆగదంటాను” అన్నాడు. మాట వాడిదే కాబట్టి దాన్ని మార్చలేదు. మొత్తం ఐదారు నిమిషాలు.

వాడి పక్క బెంచీ అబ్బాయి కిట్టు పరీక్షలో శుభ్రంగా తేలాడు. ఖైనీ లేదు, మందు లేదు, గంజాయి లేదు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. “పీల్చేవి? వైట్నర్, సొల్యూషన్?” అన్నాను. తల వంచుకున్నాడు. ఆదివారాలు హైవే పక్క పంక్చర్ దుకాణంలో పని. గుడ్డకు సొల్యూషన్ రాసి పీల్చడం వారానికి మూడు నాలుగుసార్లు. పై పెదవి మీద ఎర్రటి పొక్కులు చలిపగుళ్లు కావని అప్పుడు అర్థమైంది. మనం పంచిన మామూలు మూత్ర కిట్టుకు సొల్యూషన్ దొరకదు. 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ సర్వేలో, పెద్దల్లో కంటే పిల్లల్లో వాడకం ఎక్కువగా ఉన్న మత్తు ఇలా పీల్చే రకమొక్కటే.

తరువాత ఆరు ప్రశ్నలు. మత్తులో ఉన్నవాళ్లు నడిపే బండి ఎక్కావా, తేలికపడటానికి వాడతావా, ఒంటరిగా వాడతావా, చేసింది మరిచిపోతావా, తగ్గించమని ఇంట్లోవాళ్లో స్నేహితులో అన్నారా, ఇబ్బందుల్లో పడ్డావా. రెండింటికి అవునన్నా జాగ్రత్త పడాలి. వీడు నాలుగింటికి అన్నాడు. పైగా సొల్యూషన్ విషయంలో లెక్క ఊరట కాదు, మొదటిసారికే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. పీలుస్తుండగా చూస్తే అరిచి తరమకండి. బెదిరి పరిగెత్తినప్పుడే ఆ ప్రమాదం ఎక్కువ.

వాడు ఒప్పుకున్నాక తల్లిని పిలిచాం. సోమవారం అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి నేనే తీసుకెళ్లాను. చీటీ రాసి పంపేస్తే వెళ్లరు, బస్టాండు దాకా వెళ్లి తిరిగొస్తారు.

కార్యవర్గం మంచి మనసుతోనే కిట్లు కొన్నది, కాదనను. చికిత్సలో ఉన్న పిల్లలకు, వాళ్ల సమ్మతితో, డాక్టరు చేతిలో అవి పనికొస్తాయి. బడి వేదిక మీద కాదు. అందుకే ఉగాది సమావేశంలో అడగబోతున్నాను: ఈసారి కిట్ల డబ్బుతో ఇద్దరు టీచర్లకు ఈ ప్రశ్నలు అడగడం నేర్పిద్దాం. ఒక గది, తలుపు, పిల్లవాడికి పావుగంట. ఫొటో వద్దు.

ఖైనీ అబ్బాయి ఆ తరువాత మూడు వారాలు బడికి రాలేదట. తండ్రి పంపలేదు. మైకులో విన్నది ఆయన పేరే కదా.