సుడోకు బ్యాక్‌ట్రాకింగ్ బ్రూట్ ఫోర్స్ కాదు

బెంగళూరులోని తెలుగు ఇంజినీరింగ్ విద్యార్థుల గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం: "సుడోకు బ్యాక్‌ట్రాకింగ్ అంటే బ్రూట్ ఫోర్సే. 51 ఖాళీలుంటే 9^51 సార్లు నింపి చూడాలి. ప్రోగ్రాం ఆగిపోతే తప్పు పైథాన్‌ది, C++‌లో రాసుకోండి. పరిష్కారం లేదని వస్తే పజిలే తప్పు."

బ్యాక్‌ట్రాకింగ్ అంటే ఖాళీల్లో ఒక్కో అంకె పెట్టుకుంటూ పోయి, దారి మూసుకుపోతే వెనక్కి వచ్చి మరో అంకె ప్రయత్నించడం. 30 అంకెలిచ్చి 51 గడులు ఖాళీగా వదిలిన ఈ పజిల్ చూడండి. సున్నా అంటే ఖాళీ.

```
530070000
600195000
098000060
800060003
400803001
700020006
060000280
000419005
000080079
```

మొదటి ఖాళీ పై వరుసలో మూడో గడి. ఆ వరుసలో 5, 3, 7 ఉన్నాయి. ఆ నిలువులో 8 ఉంది. ఆ 3×3 పెట్టెలో 6, 9 కూడా ఉన్నాయి. మిగిలేవి 1, 2, 4 మాత్రమే. కొట్టేసిన ఆరు అంకెల్లో ఒక్కొక్కదాని కింద 9^50 నింపుళ్లు ఉండేవి. ఒక్కటి కూడా నింపకుండానే అవన్నీ పోయాయి. అంకె పెట్టేముందే చెక్ చేయడం వల్ల వచ్చిన లాభమిది. గ్రిడ్ మొత్తం నింపాక చెక్ చేసేదే బ్రూట్ ఫోర్స్.

ఇక వేగం. చెక్‌లున్నా పని విపరీతంగా పెరిగే పజిళ్లు ఉన్న మాట నిజమే. 17 అంకెలతో, పై వరుస పూర్తి ఖాళీగా, జవాబులో ఆ వరుస 987654321 వచ్చేలా తయారుచేసిన పజిల్ ఒకటుంది. ఎడమనుంచి కుడికి, 1 నుంచి 9 వరకు ప్రయత్నించే ప్రోగ్రాం మొదటి గడిలో 9 పెట్టేలోపు 1 నుంచి 8 దాకా చెక్ దాటిన ఒక్కో అంకె కొమ్మనూ చివరంటా వెతకాల్సిందే. C++‌ ఒక్కో అడుగు సమయాన్ని తగ్గిస్తుంది, అడుగుల లెక్కను కాదు. ఆ లెక్క తగ్గాలంటే గడిని ఎంచుకునే తీరు మార్చాలి: తక్కువ అంకెలు మిగిలిన గడిని ముందు తీసుకోవాలి. పై 30 అంకెల పజిల్‌లో నట్టనడుమ గడికి 5 ఒక్కటే మిగులుతుంది, కాబట్టి మొదలు అక్కడ పెట్టాలి. ఏ గడికైనా ఏమీ మిగలకపోతే వెంటనే వెనక్కి తిరగాలి.

"పరిష్కారం లేదు" అని వస్తే పజిల్‌ను అనుమానించేముందు `solve` ఫంక్షన్‌లోని ఈ కోడ్ వరుసలు చూసుకోండి. `g` గ్రిడ్, `r`, `c` ఖాళీ గడి వరుస, నిలువు, `ok` ఆ అంకె పెట్టొచ్చో లేదో చూసే చెక్:

```python
for d in range(1, 10):
    if ok(g, r, c, d):
        g[r][c] = d
        if solve(g): return True
        g[r][c] = 0
return False
```

`g[r][c] = 0` మరిచిపోతే ఓడిన అంకె గడిలోనే ఉండిపోతుంది. తర్వాతి వెతుకులాటకు ఆ గడి నిండినట్టే కనిపిస్తుంది, సరైన అంకెలకు అదే అడ్డుపడుతుంది. పట్టుకోవడం తేలిక: మొదట గ్రిడ్ నకలు తీసిపెట్టుకోండి. `False` వచ్చాక గ్రిడ్ ఆ నకలుతో సరిపోలకపోతే తప్పు ఇక్కడే.

సరిపోలితే పెట్టె చెక్ చూడండి. పెట్టె మొదలు `r//3*3`, `c//3*3`. చాలామంది `*3` వదిలేస్తారు. పై 30 అంకెల పజిల్‌లో ఏమీ నింపకముందే నాలుగో వరుస రెండో గడికి ఏ అంకెలు మిగిలాయో ప్రింట్ చేయండి. 1, 2, 5 మాత్రమే రావాలి. 4, 7 కూడా వస్తే ప్రోగ్రాం పక్క పెట్టెలోకి తొంగిచూస్తోందన్నమాట.